‘ఓకే, పంపేయండి’ అన్న కస్టమర్ దగ్గర పీఓ నంబరు, డెలివరీ కాంటాక్టు తీసుకోవడం ఎలా?

ప్రశ్న: కొటేషన్ పంపాక కస్టమర్ ‘ఓకే, ప్రొసీడ్ అవండి’ అని మెసేజ్ పెడతారు. పీఓ నంబరూ, సరుకు దింపుకునే మనిషి ఫోన్ నంబరూ లేకుండా మా దగ్గర ఆర్డర్ బుక్ కాదు. అడిగితే ‘తర్వాత ఇస్తాం, ముందు మెటీరియల్ కదిలించండి’ అంటారు. రెండోసారి అడిగితే విసుక్కుంటున్నారు. ఎలా అడగాలి, ఎంతవరకు పట్టుబట్టాలి?

సమాధానం:

మీకు ‘ఓకే’ చెప్పిన మనిషి చేతిలో చాలాసార్లు ఈ రెండు వివరాలూ ఉండవు. విసుగు ఎక్కువగా అక్కడే పుడుతుంది. కొటేషన్ చూసి ఒప్పుకునేది ఆ సరుకు వాడబోయే ఇంజినీరో, మెయింటెనెన్స్ హెడ్డో, ప్రాజెక్టు మేనేజరో అయి ఉంటారు. పీఓ తీసేది పర్చేజ్ విభాగం. బండి వచ్చినప్పుడు గేటు తీయించి సరుకు దింపించేది స్టోర్స్ వాళ్ళు, లేదా సైట్ సూపర్‌వైజర్. ఇంజినీరుని పీఓ నంబరు అడిగారంటే ఆయన తన పని వదిలి ఇద్దరి వెంట పడాలి. అందుకే ‘తర్వాత ఇస్తాం’ అంటారు. ‘ఇవ్వను’ అని కాదు, ‘నా చేతిలో లేదు’ అని దాని అర్థం.

కాబట్టి ఆయన ఏమీ రాయనక్కర్లేకుండా పర్చేజ్ వాళ్ళకు ఫార్వర్డ్ చేసేయగలిగేలా ఒకే మెసేజ్ పంపండి. రెండు వివరాలూ అందులోనే అడగండి. ఈ రోజు పీఓ నంబరు, ఎల్లుండి చిరునామా, బండి ఎక్కించే రోజు ఫోన్ నంబరు అంటూ విడివిడిగా అడిగితే ఎంత ఓపికున్న కస్టమరైనా చిరాకు పడతారు. ఇలా రాయవచ్చు:

> సర్, నమస్తే. కొటేషన్ Q-2291, రివిజన్ 2 ఓకే చేసినందుకు ధన్యవాదాలు. ఆర్డర్ బుక్ చేయడానికి రెండు వివరాలు కావాలి.
>
> 1. మీ పీఓ నంబరు, పీఓ కాపీ (పీడీఎఫ్). పీఓలో మా కొటేషన్ నంబరుతో పాటు ‘రివిజన్ 2’ అని కూడా వేయించండి.
>
> 2. సరుకు దింపాల్సిన చోటు పూర్తి చిరునామా, అక్కడ అందుకునే వారి పేరు, మొబైల్ నంబరు, వారు లేనప్పుడు పిలవాల్సిన ఇంకో నంబరు.
>
> 3 వారాల డెలివరీ గడువు పీఓ మాకు అందిన రోజు నుంచి మొదలవుతుంది. ఈ ధర ఈ నెల 28 వరకు చెల్లుతుంది. పీఓ పర్చేజ్ విభాగం తీస్తుందంటే వారి మెయిల్ ఐడీ ఇవ్వండి, కొటేషన్ జతచేసి నేనే రాస్తాను.

ఇందులో పని చేసేది చివరి పేరా. ‘మా సిస్టమ్ ఒప్పుకోదు సర్’ అని చాలామంది రాస్తారు. మీ సిస్టమ్ కష్టాలు కస్టమర్‌కు పట్టవు. తన సరుకు ఎప్పుడొస్తుందన్నదే ఆయనకు కావాలి. గడువు పీఓ అందిన రోజు నుంచి లెక్క అని తెలిస్తే పీఓ తెప్పించడం ఆయనకే అవసరమవుతుంది. అయితే ఈ మాట ఆయన మొదటిసారి ఇక్కడే వింటే మెలిక పెట్టినట్టుంటుంది. కొటేషన్‌లోనే, డెలివరీ అన్న వరుసలో, ‘పీఓ అందిన తేదీ నుంచి 3 వారాలు’ అని వేసి ఉంచండి. కొటేషన్ అడుగున పీఓ నంబరు, పీఓ తేదీ, డెలివరీ చిరునామా, కాంటాక్టు పేరు, మొబైల్ అని ఐదు ఖాళీలు పెట్టినా మంచిదే. కొందరు వాటిని నింపి సంతకం పెట్టి పంపేస్తారు, మళ్ళీ అడిగే పనే ఉండదు.

ఇక నంబరు వచ్చాక. మెసేజ్‌లో వచ్చిన నంబరును అలాగే ఎక్కించేయకండి. పీఓ కాపీ చూడకుండా ఆర్డర్ బుక్ చేయడం వల్ల వచ్చే చిక్కులు, పీఓ లేకుండా బుక్ చేయడం వల్ల వచ్చేవాటి కంటే తక్కువేమీ కాదు. నంబరు దగ్గరే జరిగే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది రిక్విజిషన్ నంబరు. ఇంజినీరు తన సిస్టమ్‌లో ఇండెంట్ పెట్టగానే ఒక నంబరు వస్తుంది. దాన్నే పీఓ నంబరనుకుని పంపిస్తారు. అది ఇంకా లోపలి కోరిక మాత్రమే, మీకు ఇచ్చిన ఆర్డర్ కాదు. పై అధికారి దాన్ని ఆమోదించకపోవచ్చు, పర్చేజ్ వాళ్ళు ఇంకో సప్లయర్‌కు ఇచ్చేయవచ్చు. కాపీ చూస్తే తేడా తెలిసిపోతుంది: రిక్విజిషన్ మీద సప్లయర్‌గా మీ పేరు ఉండదు, ధర తరచూ అంచనా ధరగా ఉంటుంది, చెల్లింపు షరతులు ఉండవు. అంకెలు కూడా కొంత చెబుతాయి. SAP వాడే కంపెనీల్లో ముందుగా వచ్చే అమరిక మార్చకపోతే పీఓ 45తో మొదలయ్యే పది అంకెల నంబరుగానూ, రిక్విజిషన్ 1తో మొదలయ్యే ఎనిమిది అంకెల నంబరుగానూ ఉంటాయి. అదే కస్టమర్ పాత పీఓ ఒకటి తీసి పక్కన పెట్టి చూస్తే సరిపోతుంది. నంబరు వరుస వేరుగా ఉంటే అడగండి.

‘వెర్బల్’, ‘ఫోన్ మీద చెప్పారు’, ‘త్వరలో’ లాంటి మాటల్ని పీఓ గడిలో టైపు చేసి ఆర్డర్ దాటించేసే అలవాటు చాలా ఆఫీసుల్లో ఉంది. గడి ఖాళీగా ఉండకూడదన్న నియమాన్ని అలా దాటవచ్చు గానీ, ఆ మాట అక్కడి నుంచి చలాన్ మీదికీ ఇన్వాయిస్ మీదికీ ఎక్కుతుంది. కస్టమర్ అకౌంట్స్‌లో ఇన్వాయిస్‌ను మూడు కాగితాల మధ్య సరిచూస్తారు: వాళ్ళ పీఓ, సరుకు అందినట్టు స్టోర్స్ వేసిన జీఆర్ఎన్, మీ ఇన్వాయిస్. దీన్ని త్రీ-వే మ్యాచ్ అంటారు. పరిమాణం, ధర సంగతి తర్వాత, ముందు ఏ పీఓతో పోల్చాలో తెలియాలి. ఇన్వాయిస్ మీద ‘వెర్బల్’ అని ఉంటే పోల్చడానికి ఏమీ దొరకదు. బిల్లు పక్కన పడుతుంది, మీకు ఎవరూ ఫోన్ చేయరు. చెల్లింపు గడువు దాటాక మీరు అడిగినప్పుడు ‘పీఓ నంబరు వేసి మళ్ళీ పంపండి’ అంటారు. 30 రోజుల గడువు కొత్త బిల్లు తేదీ నుంచి మళ్ళీ మొదలుపెట్టే కంపెనీలు కూడా ఉన్నాయి. ఎలక్ట్రానిక్ ఇన్వాయిస్‌లలో ఇది ఇంకా కచ్చితం. Peppol BIS Billing 3.0 నియమాల ప్రకారం కొనేవారి రెఫరెన్స్ గానీ పీఓ రెఫరెన్స్ గానీ ఏదో ఒకటి లేకపోతే ఇన్వాయిస్ తనిఖీలోనే ఆగిపోతుంది.

ఒక ఉదాహరణ చివరిదాకా చూద్దాం. Q-2291 మొదటి రివిజన్‌లో 6 పంపులు మాత్రమే ఉన్నాయి. రెండో రివిజన్‌లో కస్టమర్ కోరిక మీద 6 స్టార్టర్ ప్యానెళ్ళు కలిపారు, డెలివరీ 3 వారాలు. ఇంజినీరు ‘రివిజన్ 2 ఓకే’ అన్నారు. మీరు పై మెసేజ్ పంపారు. సాయంత్రానికి ఒక్క వరుసలో జవాబు: ‘పీఓ నంబరు 10045882, మా స్టోర్స్‌కు పంపండి.’ పీడీఎఫ్ లేదు. ఎనిమిది అంకెలు, 1తో మొదలు. ఇక్కడ ‘ఇది పీఓ కాదు సర్’ అనకండి. ‘పీఓ కాపీ జత కాలేదు, ఒకసారి పంపగలరా? ఇన్వాయిస్ మీద వరుస నంబర్లు కూడా వేయాలి’ అనండి. ఆయనను తప్పు పట్టినట్టుండదు, కావలసింది వస్తుంది. వచ్చిన కాపీ రిక్విజిషనే అని తేలితే, ‘ఇది రిక్విజిషన్‌లా ఉంది సర్, పీఓ విడుదలయ్యాక నంబరు ఇప్పించండి. పర్చేజ్ వారిని నేను సంప్రదించవచ్చా?’ అని అడగండి.

రెండు రోజులకు అసలు పీఓ వచ్చింది: 4500031276. దీన్ని కొటేషన్ పక్కన పెట్టుకుని వరుస వరుసగా చదవాలి. 10వ వరుసలో 6 పంపులు, 20వ వరుసలో 6 ప్యానెళ్ళు, ధరలు సరిపోయాయి. కానీ రెఫరెన్స్ దగ్గర ‘Q-2291 రివిజన్ 1’ అని ఉంది. డెలివరీ తేదీ వారంలోపు పడింది. చిరునామా హెడ్ ఆఫీసుది, కాంటాక్టు దగ్గర పర్చేజ్ ఆఫీసర్ పేరు.

ఈ మూడూ ఒకే బరువున్నవి కావు. రివిజన్ తప్పును వదిలేస్తే రేపు ఏదైనా తగాదా వచ్చినప్పుడు ఏ షరతులు వర్తిస్తాయన్నది తేలదు. డెలివరీ తేదీ తప్పు ఇంకా ఖరీదైనది. చాలా కంపెనీల పీఓ వెనుక ఆలస్యానికి వారానికింత శాతం కోత అని షరతు ఉంటుంది, అది వాళ్ళ పీఓలో వేసిన డెలివరీ తేదీ నుంచే లెక్కపెడతారు. పైగా కొటేషన్‌కు భిన్నమైన షరతులున్న పీఓను చాలా చోట్ల చట్టం మీ ప్రతిపాదనకు అంగీకారంగా చూడదు, వాళ్ళ నుంచి వచ్చిన ఎదురు ప్రతిపాదనగా చూస్తుంది. మీరు ఏమీ అనకుండా సరుకు పంపితే వాళ్ళ షరతులకు తల ఊపినట్టే లెక్క అని వాదించడానికి వీలిచ్చినట్టు. చిరునామా తప్పయితే నష్టం మరోలా ఉంటుంది: హెడ్ ఆఫీసులో పంపులు దింపుకునే నాథుడు ఉండడు.

ఈసారి పర్చేజ్ ఆఫీసర్‌కే రాయండి, ఇంజినీరును కాపీలో పెట్టండి:

> మేడమ్, పీఓ 4500031276 అందింది, ధన్యవాదాలు. మూడు సవరణలు అవసరం. (1) రెఫరెన్స్: Q-2291 రివిజన్ 2. (2) డెలివరీ: పీఓ అందిన రోజు నుంచి 3 వారాలు, ప్రస్తుతం 1 వారం అని ఉంది. (3) డెలివరీ చిరునామా: హెడ్ ఆఫీసు అని ఉంది, ఇంజినీరు గారు ప్లాంట్ స్టోర్స్ అన్నారు. సవరించిన పీఓ రాగానే ఆర్డర్ కన్ఫర్మేషన్ పంపుతాం. ప్యానెళ్ళ డ్రాయింగులు ఈలోగా ఆమోదానికి పంపుతున్నాం, ఆ పని ఆగదు.

చివరి వాక్యం ఊరికే పెట్టింది కాదు. ఏది ఆగిందో, ఏది నడుస్తోందో చెబితే ‘కాగితాల కోసం పని ఆపేశారు’ అన్న ఫిర్యాదు రాదు. సవరించిన పీఓకు సాధారణంగా నంబరు మారదు, రివిజన్ లేదా అమెండ్‌మెంట్ నంబరు మాత్రం పెరుగుతుంది. మీ ఫైల్లో పాత కాపీని కొట్టివేసి కొత్తది పెట్టండి. రెండూ ఒకే నంబరుతో ఉంటాయి కాబట్టి డిస్పాచ్ వాళ్ళు పాతది తీసి హెడ్ ఆఫీసుకు బండి పంపడం జరిగే పనే.

డెలివరీ కాంటాక్టు దగ్గరికి వద్దాం. పీఓ నంబరు కంటే దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. పీఓ మీద ముద్రించిన పేరు దాదాపు ఎప్పుడూ కొన్న మనిషిదే, దింపుకునే మనిషిది కాదు. డ్రైవరు గేటు దగ్గర నుంచి ఆ నంబరుకు చేస్తే ఆయన వేరే ఊళ్ళో మీటింగులో ఉంటారు. సెక్యూరిటీ వాళ్ళకు సమాచారం ఉండదు. బండి కొన్ని గంటలు నిలబడితే నిలుపుదల ఛార్జీ, వెనక్కి వస్తే రెండో ట్రిప్పు ఖర్చు, ఈ రెండూ ఎవరు భరించాలన్న వాదన. కొన్నిసార్లు సెక్యూరిటీ గార్డే చలాన్ మీద సంతకం పెట్టి దింపేసుకుంటాడు. అప్పుడు మొదట్లో అంతా సవ్యంగానే కనిపిస్తుంది. స్టోర్స్‌కు విషయం తెలియదు కాబట్టి జీఆర్ఎన్ పడదు. జీఆర్ఎన్ లేక బిల్లు ఆగుతుంది, పీఓ నంబరు నిక్షేపంగా ఉన్నా సరే.

పేరు, నంబరు వచ్చాక ఆ మనిషికి ఒక్కసారి ఫోన్ చేయండి. రెండు నిమిషాల పని. ‘మీ పేరు ఫలానా వారు ఇచ్చారు, 6 పంపులు, 6 ప్యానెళ్ళు రాబోతున్నాయి’ అని చెప్పగానే, తనకు ఈ సంగతి తెలుసో లేదో గొంతులోనే తెలిసిపోతుంది. అడగాల్సినవి కొన్నే. సరుకు ఏ వేళల్లో దింపుకుంటారు? ఒక్కో పంపు పెట్టె 180 కిలోలుంటుంది, ఫోర్క్‌లిఫ్ట్ ఉందా, లేక బండికే దింపే ఏర్పాటు ఉండాలా? ఎంత పొడవు, ఎత్తు బండి లోపలికి వస్తుంది? గేటు పాస్‌కు బండి నంబరు, డ్రైవర్ వివరాలు ముందురోజు కావాలా? మన ఉదాహరణలో స్టోర్స్ ఇన్‌చార్జి చెప్పిన సమాధానం: మధ్యాహ్నం 3 దాటితే దింపుకోరు, ఫోర్క్‌లిఫ్ట్ ఉంది గానీ ఆపరేటర్ శనివారం రారు, బండి నంబరు ముందురోజు మెయిల్ చేయాలి. ఈ మూడు ముక్కలు ఆర్డర్ మీద డెలివరీ నోట్స్‌లో ఉండాలి. సేల్స్ వాళ్ళ తలలోనో వాట్సాప్‌లోనో ఉంటే బండి బుక్ చేసే మనిషికి అందవు. కాంటాక్టు ఒక వ్యక్తిగత మొబైల్ నంబరు కాబట్టి, దాన్ని డెలివరీకి తప్ప ఆఫర్ మెసేజ్‌లకు వాడకండి. ఒక్కసారి అలా వాడితే తర్వాతి ఆర్డర్‌కు రిసెప్షన్ ల్యాండ్‌లైన్ నంబరే ఇస్తారు.

ఎంతవరకు పట్టుబట్టాలన్నది సరుకును బట్టి ఉంటుంది. స్టాక్‌లో ఉన్న వస్తువైతే, పీఓ వచ్చేలోగా 48 గంటలు పక్కన పెట్టి ఉంచవచ్చు, ఆ గంటలు దాటితే వదిలేస్తామని ముందే రాసి. కస్టమర్ కోసమే ప్రత్యేకంగా కోయాల్సిన, రంగు వేయాల్సిన, బయట నుంచి తెప్పించాల్సిన సరుకైతే పీఓ చేతికి రాకుండా ఒక్క ముక్క కూడా కొనకండి. రద్దయితే దాన్ని ఇంకెవరూ తీసుకోరు. డ్రాయింగులు, డేటాషీట్లు లాంటి కాగితం పని మాత్రం నడపవచ్చు. ప్లాంటు ఆగిపోయి నిజంగానే అత్యవసరమైతే, సంతకం చేసే అధికారం ఉన్న వ్యక్తి నుంచి మెయిల్ తీసుకోండి. కొటేషన్ నంబరు, రివిజన్, మొత్తం, పీఓ ఏ తేదీలోగా ఇస్తారు, ఆర్డర్ రద్దయితే అప్పటిదాకా అయిన ఖర్చు ఎవరిది అన్నవి అందులో ఉండాలి. సరుకు పంపినా ఇన్వాయిస్ మాత్రం పీఓ నంబరు వచ్చాకే వేయడానికి మీ దగ్గర పన్ను నియమాలు ఒప్పుకుంటాయో లేదో అకౌంట్స్‌ను ముందే అడగండి. చాలా చోట్ల సరుకు కదిలితే ఇన్వాయిస్ కదలాల్సిందే. డెలివరీ కాంటాక్టు విషయంలో మాత్రం వెసులుబాటు ఎక్కువ ఉంటుంది: ఆర్డర్ బుక్ చేసే రోజున చిరునామా ఉండి మనిషి పేరు లేకపోయినా పని మొదలుపెట్టవచ్చు, డిస్పాచ్‌కు వారం ముందు తీసుకుంటే చాలు. మీ సిస్టమ్‌లో రెంటినీ ఒకే గేటు దగ్గర ఆపేస్తున్నారంటే, కాంటాక్టును డిస్పాచ్ దశకు మార్పించమని అడగడం మంచిది. కస్టమర్ విసుగులో సగం అక్కడే తగ్గుతుంది.

మొదటి మెసేజ్ తర్వాత ఒక పనిదినం ఆగి పర్చేజ్ వాళ్ళకు ఫోన్ చేయండి, ఇంజినీరుకు కాదు. ‘పీఓ వచ్చిందా?’ అని కాకుండా ‘ఎవరి ఆమోదం దగ్గర ఉంది?’ అని అడిగితే చెప్పగలిగే జవాబు ఉంటుంది. మీరు వాళ్ళ సిస్టమ్‌లో సప్లయర్‌గా నమోదు కాకపోవడం వల్లే పీఓ ఆగిందని ఈ ప్రశ్నతోనే బయటపడటం తరచూ చూస్తాం. కొత్త కస్టమరైతే ఆ నమోదు కాగితాలు కొటేషన్‌తోనే పంపేయండి.

పీఓలే తీయని చిన్న కస్టమర్లు ఉంటారు. వాళ్ళను పీఓ అడిగి ఇబ్బంది పెట్టకండి. కొటేషన్ మీద ‘అంగీకరించాను’ అని పేరు, తేదీ, సంతకంతో తిరిగి పంపమనండి, లేదా మెయిల్‌లో ఆ మాటే రాయమనండి. రెఫరెన్స్ గడిలో ఆ అంగీకార మెయిల్ తేదీ, రాసిన వ్యక్తి పేరు వేయండి. మీరే ఒక నంబరు కల్పించి వేస్తే రేపు వాళ్ళు పీఓ పద్ధతి మొదలుపెట్టాక గందరగోళం అవుతుంది. ఇందుకు భిన్నంగా కొన్ని పెద్ద కంపెనీలు ఏడాదికి ఒకే బ్లాంకెట్ పీఓ ఇచ్చి, కావలసినప్పుడల్లా రిలీజ్ నంబరు పంపుతాయి. వాళ్ళ దగ్గర పీఓ నంబరు ఒక్కటే సరిపోదు, రిలీజ్ నంబరు కూడా అడగాలి.

సిస్టమ్‌లో ఎక్కించేటప్పుడు పీఓ నంబరును పీడీఎఫ్ నుంచి కాపీ చేసి పేస్ట్ చేయండి, చూసి టైపు చేయకండి. సున్నాకూ ఇంగ్లీషు ఓ అక్షరానికీ తేడా కంటికి ఆనదు. ఎక్సెల్ మీదుగా వెళితే ముందున్న సున్నాలు రాలిపోతాయి, అందుకే ఆ నిలువు వరుసను ముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలి. Odoo లో ఇది సేల్స్ ఆర్డర్ మీద `Customer Reference` గడిలో, ERPNext లో `Customer's Purchase Order` గడిలో వేస్తారు. ERPNext లో ఒకే పీఓ నంబరు మీద అదే కస్టమర్‌కు రెండో ఆర్డర్ వేయబోతే హెచ్చరించే లేదా ఆపే సదుపాయం ఉంది. దాన్ని వదిలేయకండి: సవరించిన పీఓ వచ్చినప్పుడు దాన్ని కొత్త ఆర్డర్ అనుకుని 6 పంపుల చోట 12 బుక్ చేయడం ఆ హెచ్చరికతోనే ఆగుతుంది. బ్లాంకెట్ పీఓ ఉన్న కస్టమర్ దగ్గర మాత్రం ఆ హెచ్చరిక ప్రతిసారీ వస్తుంది, కాబట్టి అక్కడ పీఓ నంబరు పక్కనే గీత పెట్టి రిలీజ్ నంబరు కలిపి వేయండి. అయితే ఇన్వాయిస్ మీద ఆ రెండూ ఏ రూపంలో కావాలో వాళ్ళ అకౌంట్స్‌ను మొదటి బిల్లుకు ముందే అడిగి ఖాయం చేసుకోవాలి.